గేదె తొట్టిలో కోళ్ళ దాణా

పోయినేడు కనుమ నాడు మా అమ్మ మేక తలకాయ తెప్పించింది. మెదడు విడిగా తీయించి, పైన పొర ఒలిచి, ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, మిరియాల పొడితో వేపింది. మా ఇంట్లో ఆ గిన్నె ముందు పిల్లల దగ్గరికి వెళ్తుంది, తర్వాతే పెద్దవాళ్ళకి. మెదడు తింటే మెదడు పెరుగుతుందని మా అమ్మ నమ్మకం. నేనూ చిన్నప్పుడు బాగానే తిన్నాను, లెక్కల్లో మాత్రం ఎప్పుడూ అరవై దాటలేదు.

ఆ రోజు మా మేనమామ గిన్నెని పక్కకి జరిపేశాడు. ఆయన డాక్టరు. 1987 నుంచి తొమ్మిదేళ్ళు ఇంగ్లండులో పనిచేసి, తర్వాత అమెరికా వెళ్ళిపోయాడు.

"నాకొద్దక్కా. మెదడూ వెన్నుపామూ మానేసి ముప్పై ఏళ్ళయింది."

"లేత పోతు తలకాయరా తమ్ముడూ! ఏమవుతుంది?"

"అక్కడ ఆవుల మెదళ్ళు ఏం చేశాయో చూశాను. నేను రక్తం ఇస్తానంటే అమెరికాలో ఎన్నో ఏళ్ళు తీసుకోలేదు తెలుసా? ఇంగ్లండులో ఉన్నవాణ్ణని."

మా అమ్మ చెయ్యి కడుక్కుంటూ ఒకటే మాట అంది. "మీ ఆవులు ఏం తిన్నాయో నాకు తెలీదుగానీ, ఈ పోతు మాత్రం మన కాలవ గట్టు మీద అవిశాకు తిని పెరిగింది."

నేను పశువుల డాక్టర్ని. పద్దెనిమిదేళ్ళుగా కోనసీమ చుట్టుపక్కలే ఉద్యోగం. ఈ విషయం మీద చదివింది ఉంది, విన్నది ఉంది. కానీ అడగాల్సిన ప్రశ్న ఆ రోజు మా అమ్మ అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు. ప్రతి కార్తీకం అయిపోయాక వాట్సాప్‌లో తిరిగే మెసేజీలన్నీ "మెదడు తినకండి, మ్యాడ్ కౌ వస్తుంది" అంటాయి. పళ్ళెంలోకి వచ్చిన మెదడు గురించే అందరికీ టెన్షన్. ఆ పశువు తొట్టిలో ఏం పడిందని ఎవరూ అడగరు. చూడాల్సింది తొట్టి అని నా వాదన. మా మావయ్య భయం ఉత్తిది కాదు, అదీ చెప్తాను. ముందు ఆ జబ్బు సంగతి.

పాలకి తోడు వేస్తాం కదా. కుండెడు పాలల్లో ఒక చెంచా మజ్జిగ వేస్తే తెల్లారేసరికి మొత్తం పెరుగు. ప్రయాన్ జబ్బు దాదాపు ఇలాగే నడుస్తుంది. మన మెదడు కణాల మీద, ఆవు మెదడు కణాల మీద కూడా ప్రయాన్ ప్రోటీన్ అనే ఒక మామూలు ప్రోటీన్ ఉంటుంది. అది మడతపడాల్సిన తీరులో పడకుండా వేరేలా మడతపడితే, పక్కనున్న మంచివాటిని కూడా తన మడతలోకి తిప్పుకుంటుంది. అవి ఇంకొన్నిటిని తిప్పుతాయి. ఏళ్ళ తరబడి ఇలా సాగి, చివరికి మెదడు స్పాంజిలా చిల్లులు పడుతుంది. ఈ మాట మొదట 1982లో అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకి నోబెల్ ఇచ్చారు.

ఇక్కడ తోడు పోలిక తెగిపోతుంది. తోడులో ఉన్నది ప్రాణమున్న సూక్ష్మజీవి, మరగబెడితే చస్తుంది. ప్రయాన్‌కి ప్రాణమే లేదు కనుక చావడమూ లేదు. కుక్కర్లో ఎన్ని విజిల్స్ వేయించినా లోపల వేడి 120 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆపరేషన్ పనిముట్లకి ప్రయాన్ అంటిందని అనుమానం వస్తే ఆసుపత్రుల్లో 134 డిగ్రీల ఆవిరిలో 18 నిమిషాలు ఉంచుతారు, అదీ సరిపోదని గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో కూడా నానబెడతారు. జబ్బు మెదడుని 600 డిగ్రీల్లో మాడ్చి బూడిద చేసినా ఆ బూడిదలో కొంచెం జబ్బు మిగిలిందని ఒక ప్రయోగంలో తేలింది. అందుకే "బాగా ఉడకబెట్టాం కదండీ" అన్న మాట ఇక్కడ మాత్రం చెల్లదు. మాంసంతో వచ్చే మిగతా జబ్బుల్లో చాలావాటికి చెల్లుతుంది, ఆ మాట కూడా చెప్పాలి. గొర్రె, మేక మెదడులో ఒక్కోసారి నిమ్మకాయంత నీటి బుడగ కనిపిస్తుంది. గొర్రె తల ఒకవైపుకి వాల్చి గిరగిరా తిరిగే జబ్బు దానివల్లే వస్తుంది. అది బద్దెపురుగు పిల్లల సంచి. తలకాయ కొట్లో పారేసిన మెదడు తిన్న కుక్క నుంచి ఆ పురుగు గుడ్లు మళ్ళీ గడ్డి మీదికి వస్తాయి. అది చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, కానీ నిప్పుకి చస్తుంది. ప్రయాన్ ఉన్న మెదడు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. తెల్లగా, నున్నగా, పక్కనున్న మంచి మెదడుకి ఏమాత్రం తేడా లేకుండా కనిపిస్తుంది. వాసన తేడా ఉండదు, రుచి తేడా ఉండదు.

బ్రిటన్‌లో ఈ జబ్బుని ఆవుల్లో మొదట 1986లో గుర్తించారు. మ్యాడ్ కౌ అనేది దీన్నే, మా డాక్టర్ల భాషలో బీఎస్ఈ. వట్టిపోయిన, చచ్చిన పశువుల కళేబరాలనీ కబేళాల్లో మిగిలిన వాటినీ ఉడకబెట్టి, కొవ్వు తీసేసి, పొడి చేసి, ఆ మాంసం ఎముకల పొడినే పాడి దూడల దాణాలో ప్రోటీన్ కోసం కలిపేవారు. గడ్డి తినే జంతువుకి తన జాతి మెదడే తెలియకుండా తినిపించారన్నమాట. ఒక ఆవులో ఉన్న జబ్బు ఒక మిక్సర్ దాణాలో కలిసి వందల దూడలకి చేరింది. వాటికి నాలుగైదేళ్ళకి జబ్బు బయటపడింది. ఈలోగా వాటిలో చాలా పశువులు కోతకి వెళ్ళి, మళ్ళీ పొడై, మళ్ళీ దాణాలోకి వచ్చాయి. చివరికి బ్రిటన్‌లో లక్షా ఎనభై వేల దాకా పశువుల్లో జబ్బు నిర్ధారణ అయింది. 1996 మార్చిలో ఇది మనుషులకీ వచ్చిందని అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. మనుషుల్లో దీన్ని వేరియంట్ సీజేడీ అంటారు. బ్రిటన్‌లో దానితో చనిపోయినవాళ్ళు 178 మంది, ఎక్కువమంది కుర్రవాళ్ళే. మా మావయ్య రక్తం అమెరికా వాళ్ళు వద్దన్నది ఇందుకే. 1980 నుంచి 1996 మధ్య మూడు నెలలకి మించి బ్రిటన్‌లో ఉన్నవాళ్ళ రక్తం తీసుకోకూడదని అక్కడ నియమం. 2022లో ఎత్తేశారు. ఆ సంగతి ఆయనకి కనుమ నాడు నేనే చెప్పాను. "ఇప్పుడు నా వయసుకి ఎవరు తీసుకుంటారమ్మాయ్" అని నవ్వేశాడు.

నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించేది ఆ లక్షా ఎనభై వేలలో ఒక భాగం గురించి. ఆవులకీ గొర్రెలకీ ఈ పొడి పెట్టకూడదని 1988 జులైలోనే బ్రిటన్ ఆజ్ఞ జారీ చేసింది. అంతటితో ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఆ నిషేధం వచ్చిన తర్వాత పుట్టిన ఆవుల్లోనే నలభై వేలకి పైగా జబ్బుపడ్డాయి. ఎలా? కోళ్ళకీ పందులకీ ఆ పొడి పెట్టడాన్ని ఆపలేదు. ఒకే మిల్లు, ఒకే మిక్సరు, ఒకే లారీ. పొద్దున కోళ్ళ దాణా, మధ్యాహ్నం ఆవుల దాణా. మిక్సరు మూలల్లో మిగిలిన పొడి ఆవుల దాణాలోకి పోయింది. రైతులు మిగిలిన కోళ్ళ దాణా పశువులకి వేసిన సందర్భాలూ ఉన్నాయి. 1990లో మెదడు, వెన్నుపాము లాంటి భాగాలు కోళ్ళ దాణాలో కూడా కలపకూడదన్నారు, అమలు మాత్రం వదులుగా సాగింది. చివరికి 1996 ఆగస్టులో ఏ పెంపుడు జంతువుకీ ఆ పొడి పెట్టకూడదని పూర్తిగా ఆపాకే ఆ సందు దాదాపు మూసుకుంది.

అంత చిన్న మిగులుతో జబ్బు ఎలా వస్తుందని అనుమానం వస్తుంది. నాకూ చదువుకునేటప్పుడు వచ్చింది. దూడలకి జబ్బు ఆవు మెదడుని రకరకాల మోతాదుల్లో తినిపించి అక్కడ ప్రయోగం చేశారు. ఒక్క మిల్లీగ్రాము తిన్న 15 దూడల్లో కూడా ఒకటి జబ్బుపడింది. ఒక మిల్లీగ్రాము అంటే ఆవగింజ కన్నా తక్కువ. దాణా మిల్లులో ఆవగింజంత మిగులు ఉండకుండా కడగగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

ఇప్పుడు మా ఊరికి రండి.

నాలుగేళ్ళ కిందట జూన్ నెలలో, నైరుతి వాన మొదలైన వారానికి, ఒక రైతు ఫోన్ చేశాడు. "మేడంగారండీ, గేదె మేత ముట్టట్లేదండీ, కడుపు బిగిసిపోయింది, పేడ నీళ్ళలా పోతోందండీ." ఆయనకి రెండు వేల గుడ్ల కోళ్ళ షెడ్డు ఉంది. పక్కనే ఆరు గేదెల పాక. వెళ్ళి చూస్తే గేదె తల వేలాడేసుకుని నిలబడింది. ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టు ఉంది. పొట్టలో పులుపు ఎక్కిందని అర్థమైంది. ఇలాంటిది ఎక్కువగా ధాన్యపు పిండి మోతాదుకి మించి తింటే వస్తుంది.

"ఏం పెట్టారండీ నిన్న?"

"మామూలేనండీ. ఎండుగడ్డి, తవుడు, తెలగపిండి..." కొంచెం ఆగాడు. "రాత్రి వానకి నాలుగు కోళ్ళ దాణా బస్తాలు తడిసిపోయాయండీ. బూజు పట్టేస్తుందని తొట్టిలో వేశాం. పారేస్తే పాపం కదండీ."

గేదెకి వంటసోడా కలిపిన నీళ్ళు గొట్టంతో పట్టించాం, సెలైన్ ఎక్కించాం, మూడో రోజుకి నెమరు వేసింది. దాని ప్రాణానికి ఢోకా లేదు. ఆ రోజు నన్ను పట్టేసింది ఖాళీ బస్తా. పాక గోడకి ఆనించి ఉంది. బస్తాకి కుట్టిన చీటీ తిప్పి చదివాను. మొక్కజొన్న, సోయా, తవుడు, ఆ తర్వాత నాలుగో మాట మీట్ అండ్ బోన్ మీల్. ఏ జంతువు మాంసం, ఏ జంతువు ఎముక అని చీటీలో లేదు.

ఆ రైతు తప్పేమీ చెయ్యలేదు. ఆయన దృష్టిలో దాణా అంటే దాణాయే. మిగిలిన అన్నం గేదెకి, కుడితి గేదెకి, తడిసిన దాణా గేదెకి. మా డెల్టాలో పాడి నడిచిందే ఆ పొదుపు మీద. వరిగడ్డి, కుడితి, పిల్లిపెసర, జనుము, కొబ్బరి పిండి, తెలగపిండి. గానుగ పిండి దొరుకుతుండగా ఎముకల పొడితో మనకి పనిలేకపోయింది. మన దేశంలో ఈ జబ్బు కనిపించకపోవడానికి మన సంస్కృతి కారణమని కొందరు గొప్పగా చెప్తారు. నాకైతే తెలగపిండి ధర ముఖ్య కారణంగా కనిపిస్తుంది. బస్తా ధర తారుమారైతే సంస్కృతి ఎంతసేపు నిలబడుతుందో నాకు అనుమానమే.

ఇప్పుడు లెక్క మారుతోంది. తణుకు, అనపర్తి వైపు కోళ్ళ షెడ్లు, భీమవరం వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. కోళ్ళ దాణా, చేపల మేత, గేదెల దాణా పక్కపక్కన పేర్చిన కొట్లు ప్రతి సెంటర్లోనూ కనిపిస్తాయి. పాలకీ మాంసానికీ పెంచే పశువుల దాణాలో మాంసం, ఎముకల పొడి ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఉంది. మంచి ఆదేశమే. అందులో మూడు మినహాయింపులు ఉన్నాయి. కోళ్ళు, పందులు, చేపలు. బ్రిటన్‌లో 1988 నుంచి 1996 దాకా నలభై వేల ఆవుల్ని తినేసిన సందు దాదాపు ఇదే. కాగితం మీద ఆవులకి లేదు, కోళ్ళకి ఉంది, మధ్యలో మిక్సరు ఒకటే.

ఇక్కడ నేను అతి చేస్తున్నానని ఎవరైనా అనొచ్చు. తొట్టిలో పొడి పడినంత మాత్రాన జబ్బు రాదు, ఆ పొడిలో జబ్బు పశువు మెదడు ఉండాలి. మన దేశంలో ఆవుల్లో గానీ గేదెల్లో గానీ బీఎస్ఈ ఒక్కటీ నమోదు కాలేదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మనల్ని అతి తక్కువ ప్రమాదమున్న దేశాల జాబితాలో పెట్టింది. ఇది నిజం, చిన్న విషయమూ కాదు. 2005లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు అసలు ఆ జబ్బుకి మూలం భారత ఉపఖండం నుంచి వచ్చిన ఎముకలేనేమో, వాటిలో నదుల్లో వదిలిన మనుషుల అస్థికలు కలిశాయేమో అని ఊహించారు. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు అదే పత్రికలో దానికి ఆధారమేదని నిలదీశారు. మన ఎముకల మీదికి నెట్టే ఆ తొందర చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయినా రెండు సంగతులు నన్ను నిశ్చింతగా ఉండనివ్వవు. ఒకటి, పొడితో సంబంధం లేకుండా ముసలి పశువుల్లో అరుదుగా తనంతట తానే పుట్టే బీఎస్ఈ రకాలు ఉన్నాయి. ఎనిమిదేళ్ళు దాటినవాటిలో ఎక్కువగా కనిపిస్తాయి, బ్రెజిల్లో 2021లోనూ 2023లోనూ బయటపడ్డవి అలాంటివే. మనుషుల్లో కూడా దీనికి వరసైన సీజేడీ ఏ దేశంలోనైనా ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో తనంతట తానే వస్తుంది. కాబట్టి నిప్పురవ్వ ఎక్కడైనా పడొచ్చు. దాణా గొలుసు ఉంటేనే అది మంట అవుతుంది. రెండోది మా ఉద్యోగంలోని లోటు. ఈ జబ్బు బతికున్న పశువులో పరీక్ష చేసి తేల్చేది కాదు. చచ్చాక మెదడు కాడ, అంటే మెదడు వెన్నుపాముగా మారే చోట వేలెడు ముక్క తీసి ల్యాబ్‌కి పంపాలి. తల కోసి వేరు చేశాక వెనక కన్నం లోంచి పొడుగు చెంచాతో తీస్తారు. పద్దెనిమిదేళ్ళలో కుక్క కరిచిన పశువుల తలలు పిచ్చి నిర్ధారణ కోసం పంపాను గానీ, ఈ జబ్బు కోసం ఒక్కటీ పంపలేదు. ఒక గేదె పాలు పితకబోతే తన్నుతోందంటే, గుమ్మం దాటనంటోందంటే, వెనక కాళ్ళు తూలుతున్నాయంటే మేం ముందు పిచ్చి అనుకుంటాం, తర్వాత రక్తంలో పరాన్నజీవి వల్ల వచ్చే సర్రా అనుకుంటాం, ఆ తర్వాత మెగ్నీషియం తగ్గిందనుకుంటాం. మా వైపు సర్రా మామూలే కాబట్టి ఆ అనుకోవడంలో తప్పు లేదు. బీఎస్ఈ లక్షణాలు కూడా సరిగ్గా ఇవే.

ఇక తిండి సంగతి. నన్ను అందరూ అడిగేది ఇదే కాబట్టి సూటిగా చెప్తాను.

జబ్బున్న ఆవులో ఆ ప్రయాన్ ఎక్కడెక్కడ ఉంటుందో లెక్క కట్టారు. ఒళ్ళంతటిలో ఉన్నదాంట్లో వందకి అరవై నాలుగు పాళ్ళు మెదడులో, ఇరవై ఆరు పాళ్ళ దాకా వెన్నుపాములో. మిగతాది వెన్ను పక్కనుండే నరాల ముడుల్లో, చిన్న పేగు చివర. కండలో లెక్కకి రాదు. అందుకే యూరప్‌లో పన్నెండు నెలలు దాటిన ఆవు తల, వెన్నుపాము వంటింటికి చేరనివ్వరు. మేకకీ గొర్రెకీ కూడా పన్నెండు నెలలే. వయసు తెలియకపోతే పళ్ళు చూస్తారు, మన సంతలో చూసినట్టే. పాలపళ్ళు రాలి మొదటి రెండు పెద్ద పళ్ళు చిగురులోంచి బయటికి వస్తే ఏడాది దాటినట్టు.

వయసుకి అంత పట్టింపు ఎందుకంటే, దూడప్పుడు తిన్నది పేగుల్లోంచి నరాల గుండా మెదడు చేరడానికి ఏళ్ళు పడుతుంది. ప్రయోగంలో మెదడులో అది కనిపించింది తినిపించిన ముప్పై రెండో నెలలో. అంతకుముందు కోసిన పశువు మెదడులో దొరికేది దాదాపు ఏమీ ఉండదు.

మా అమ్మ తెప్పించిన పోతు పాలపళ్ళ మీదే ఉంది. కాలవ గట్టు మీద పెరిగింది. మిల్లు దాణా ఎరగదు. మేకకి ఈ ఆవు జబ్బు రాదని మాత్రం అనను. 2002లో ఫ్రాన్స్‌లో కోసిన ఒక మేకలో బీఎస్ఈ ఉందని 2005లో తేల్చారు. మేకకి వస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో అది మెదడులో ఆగకుండా ప్లీహంలోకీ గ్రంథుల్లోకీ కూడా పాకింది. అంటే అప్పుడు తలకాయ తీసేస్తే సరిపోదు. ఇక గొర్రెలకీ మేకలకీ సొంతంగా ఉన్న స్క్రాపీ అనే ప్రయాన్ జబ్బు యూరప్‌లో రెండున్నర శతాబ్దాలుగా తెలుసు, మన హిమాలయ పాదాల దగ్గరి గొర్రెల్లో కూడా 1961లో రాశారు. అన్నేళ్ళలోనూ అది తిండి ద్వారా మనిషికి అంటినట్టు ఆధారం దొరకలేదు. ఇవన్నీ బేరీజు వేసుకుని ఆ కనుమ నాడు నేను రెండు ముక్కలు తిన్నాను. మా నాన్నకి మాత్రం పెట్టనివ్వలేదు. దానికి ప్రయాన్ కారణం కాదు. ఆయన గుండెలో రెండు స్టెంట్లు ఉన్నాయి, వంద గ్రాముల మెదడులో వెయ్యి మిల్లీగ్రాములు దాటి కొలెస్ట్రాల్ ఉంటుంది.

పాలు ఎండిపోయిన గేదె సంగతి వేరు. మా వైపు పెద్దకూర అంటే చాలావరకు అదే, పదేళ్ళూ పన్నెండేళ్ళూ వయసున్నది. అన్ని ఏళ్ళలో ఏ వానాకాలంలో ఏ బస్తా దాని తొట్టిలో పడిందో అడిగినా చెప్పేవాళ్ళుండరు. దాని కండ తినడానికి నాకు అభ్యంతరం లేదు. మెదడు, వెన్నుపాము అయితే వద్దంటాను. జబ్బు ఉందని కాదు. వదిలేస్తే పోయేదేమీ లేదు, అదొక్కటే కారణం.

వెన్నుపాము అన్నాను కాబట్టి ఒక పొరపాటు చెప్పాలి. చాలామంది దాన్ని మూలుగ అనుకుంటారు. మూలుగ ఎముక లోపలి గుజ్జు. కాలి ఎముక విరిచి పీల్చుకునేది అది, దానికీ నరాలకీ సంబంధం లేదు. వెన్నుపాము వేరు. మెడ ముక్కా వీపు ముక్కా కొట్టించినప్పుడు వెన్నుపూస నడిమి కన్నంలో తెల్లగా మెత్తగా పురికొసంత తాడు ముక్క కనిపిస్తుంది చూడండి, అది వెన్నుపాము. చింత మొద్దు మీద కొట్టు అబ్బాయి వెన్నుని నిలువునా నరికినప్పుడు అది చితికి కత్తికి అంటుతుంది, కత్తి నుంచి పక్క ముక్కకి అంటుతుంది. ఇది మన కొట్ల దారిద్ర్యమేమీ కాదు. 1995లో బ్రిటన్‌లో చట్టం ప్రకారం వెన్నుపాము తీసేయాల్సిన కబేళాల్ని తనిఖీ చేస్తే, ముద్ర పడ్డ పశువుల్లోనే దాని ముక్కలు దొరికాయి. కోసే చోట పూర్తిగా తీసేయగలమనుకోవడం ఆశే. అందుకే నేను మళ్ళీ తొట్టి దగ్గరికే వస్తాను.

ఆ రైతుకి అప్పుడు ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కోళ్ళ దాణా బస్తాలు ఇప్పుడు షెడ్డు అవతల చెక్క బల్ల మీద పేరుస్తున్నాడు. గేదెల తవుడుకి వేరే తట్ట, వేరే చేట పెట్టాడు. తడిస్తే కొబ్బరి మొదళ్ళలో గొయ్యి తీసి కప్పేస్తున్నాడు. దాణా కొట్టాయన్ని కూడా అడిగాడట, ఇందులో ఏ ఎముక కలుపుతారండీ అని. "కంపెనీ వాళ్ళకే తెలియాలండీ" అన్నాడట.

పోయిన నెల మళ్ళీ ఆ పాకకి టీకాలు వేయడానికి వెళ్ళాను. అజీర్తి చేసిన గేదె కనిపించలేదు.

"దాన్ని అమ్మేశామండీ, రెండో ఈత తర్వాత పాలు తగ్గిపోయాయి. సంతలో ఎవరో బేరగాడు పట్టుకెళ్ళాడు."

"ఎవరండీ?"

"ఏమోనండీ. అటు కృష్ణా వైపు వాళ్ళనుకుంటా."

రిజిస్టరు తిప్పి చూశాను. చెవి పోగు మీది పన్నెండంకెల నంబరు ఉంది. జాతి, వయసు, ఎన్నో ఈత, ఏ టీకా ఏ తేదీన, అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఏం తిందో రాసుకోవడానికి అందులో గడి లేదు. పక్కన ఖాళీ ఉన్న చోట పెన్సిల్‌తో రాశాను: జూన్, నాలుగు బస్తాలు.